పదో తారీకు లోపు వేస్తే చాలు

ముందే ఒప్పేసుకుంటున్నాను: నేను పెంచి చెబుతాను. సంతలో కిలో వంకాయలు కొంటే ఇంటికి వచ్చేసరికి అవి బస్తా అవుతాయి, భోజనాల వేళకు లారీ అవుతాయి. మా ఆవిడ నా మాటలన్నీ పదితో భాగించి వింటుంది. బంధువులు వందతో భాగిస్తారు. అంకెల దగ్గర మాత్రం నేను మహా నిజాయితీపరుణ్ణి. అది నా గొప్పతనం కాదు. పాతికేళ్లుగా బ్యాంకు కౌంటరు వెనక కూర్చున్నాను. అక్కడ అంకె పెంచితే సాయంత్రానికి నా జేబుకే చిల్లు. కాబట్టి ఇందులోని రూపాయలనూ, పైసలనూ, తారీకులనూ నమ్మండి. మిగతాది మీ ఓపికను బట్టి తగ్గించుకోండి.

మా బ్రాంచి దర్శి నుంచి అద్దంకి వెళ్లే దారిలో ఒక ఊళ్లో ఉంది. మధ్యలో బదిలీల మీద బయటికి పోయినా మళ్లీ ఇక్కడికే తేలాను. మా ఫ్యాను ఒక చుట్టు తిరగడానికి మధ్యాహ్నం దాకా తీసుకుంటుంది. పాసుపుస్తకాలు ప్రింటు కొట్టే యంత్రం మొదలైతే చుట్టుపక్కల మూడు ఊళ్లలో పసిపిల్లలు ఉలిక్కిపడి లేస్తారు. మిరప అమ్మకాల రోజుల్లో రైతులు తెచ్చిన నోట్ల కట్ట విప్పితే బ్రాంచి మొత్తం తుమ్ముతుంది. ఒకసారి నోట్లు లెక్కపెట్టే యంత్రం కూడా తుమ్మింది. దాని వారంటీ అయిపోవడంతో ఎవరికీ ఫిర్యాదు చేయలేదు.

ఈ బ్రాంచిలోనే ఊరి చర్చి స్లాబు నిధి ఉంది. చర్చికి ఇప్పటికీ రేకుల కప్పే. వాన పడితే పాస్టరుగారి ప్రసంగం మొదటి వరసకు కూడా వినపడదు. ఏటేటా కోతల పండుగకు జనం తెచ్చిన గుమ్మడికాయలు, కోళ్లు, మిరపకాయల బస్తాలు వేలం వేసి, ఆ డబ్బును స్లాబు కోసం పొదుపు ఖాతాలో వేస్తారు. ఒక గుమ్మడికాయను కొన్నవాడు మళ్లీ చర్చికే ఇచ్చేయడంతో అది పదకొండు సార్లు అమ్ముడుపోయింది. చివరికి దాన్ని వండుకున్న ఇంటివాళ్లకు అది బంగారం ధర పడింది. అలా పోగై పోగై నిధి ఆరు లక్షలయింది.

కోశాధికారి ఒక రిటైరైన టీచరమ్మ. బడిలో లెక్కలు చెప్పి, పెన్షను పుచ్చుకుంటూ, చర్చి లెక్కలు చూసుకునేవారు. సంతకం పెట్టడానికి ముందు పెన్ను మూత తీసి, మూతను చూసి, పెన్నును చూసి, అప్పుడు పెట్టేవారు. ఆవిడ సంతకం అయ్యేలోపు వరసలో చివరి మనిషికి గడ్డం పెరిగేది.

ఆ చర్చిలో ఒక ఆచారం ఉంది, ఇంకెక్కడా ఉన్నట్టు నేను వినలేదు. దాన్ని తొమ్మిది రోజుల చేబదులు అంటారు. సంఘంలో సగంమంది రోడ్డు మీదున్న నూలు మిల్లులో పనిచేస్తారు. మిల్లు జీతాలు ఏడో తారీకున ఇస్తుంది. పాలవాడు, బడి బస్సువాడు, డ్వాక్రా కిస్తీ మాత్రం ఏడు దాకా ఆగరు. అందుకని టీచరమ్మ ఒకటో తారీకున, పాస్టరుగారి సంతకమూ తన సంతకమూ ఉన్న కాగితంతో స్లాబు నిధిలోంచి రెండు లక్షలు తీసి, నలభై ఇళ్లకు ఐదేసి వేలు ఇచ్చేవారు. వాళ్లు జీతాలు రాగానే తిరిగిచ్చేవారు. ఆవిడ తొమ్మిదో తారీకున, కౌంటరు మూసేలోపు మొత్తం ఖాతాలో వేసేవారు. వడ్డీ లేదు, ప్రోనోటు లేదు, ఎగ్గొట్టినవాడూ లేడు. నిధి చిన్నగా ఉన్నప్పుడు ఇంటికి రెండు వందలు, మూడు వందలతో మొదలైన పద్ధతి ఇది.

సంఘం దీనికి ఒకే షరతు పెట్టింది. నిధికి రావలసిన బ్యాంకు వడ్డీలో ఒక్క రూపాయి కూడా తగ్గకూడదు.

"తగ్గదు. పదో తారీకు లోపు వేస్తే చాలు. తగ్గిన రోజున నా పదవీ వద్దు, ఆ చేబదులూ వద్దు" అని టీచరమ్మ నిండు సంఘంలో మాటిచ్చారు.

ఆవిడ అన్నది తప్పు కాదు, పాతబడింది అంతే. ఒకప్పుడు పొదుపు ఖాతా వడ్డీకి, నెలలో పదో తారీకు నుంచి ఆఖరు రోజు దాకా ఖాతాలో ఉన్న అతి తక్కువ నిల్వను పట్టుకుని, దాని మీదే ఆ నెల మొత్తానికి లెక్క కట్టేవారు. ఒకటి నుంచి తొమ్మిది దాకా డబ్బు బ్యాంకులో ఉన్నా, బజార్లో ఉన్నా, బావిలో ఉన్నా వడ్డీ ఒకటే. ఈ సూత్రం ఆవిడకు చెప్పింది మా బ్రాంచిలో అప్పట్లో పనిచేసిన ఒక గుమాస్తా. సన్నగా, తాటిచెట్టంత పొడుగ్గా ఉండేవాడు, ద్వారబంధానికి తల తగలని రోజు లేదు. తర్వాత పొన్నూరు బదిలీ అయి వెళ్లిపోయాడు. వడ్డీ లెక్క మారి పదిహేనేళ్లు దాటినా, మారిందని ఆవిడకు ఎవరూ చెప్పలేదు. నిధి చిన్నది కాబట్టి తేడా త్రైమాసికానికి పాతిక, ముప్పై రూపాయలు ఉండేది, ఎవరి కంటా పడలేదు. నిధి పెద్దదై, చేబదులు రెండు లక్షలకు చేరింది మాత్రం ఈ గొడవ జరిగిన ఏడాది జులైలోనే.

అక్టోబరు మొదటి వారంలో టీచరమ్మ బ్రాంచికి వచ్చారు. వెనకాలే చర్చి సెక్రటరీ వచ్చాడు. సెక్రటరీకి ఎరువుల కొట్టుంది. ఆ కొట్లో యూరియా కంటే అప్పు ఎక్కువ దొరుకుతుంది. నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీ. మొదట్లో మూడు వందల చేబదులుకు నవ్వి ఊరుకున్నవాడు, ఐదు వేలయ్యేసరికి నవ్వడం మానేశాడు.

యంత్రం మూడు ఊళ్లను నిద్రలేపి పాసుపుస్తకాన్ని బయటికి తోసింది. సెక్రటరీ దాన్ని టీచరమ్మ కంటే ముందు అందుకున్నాడు. ఫోనులో లెక్క కట్టాడు. కౌంటరు అద్దానికి ముఖం ఆనించాడు.

"ఏంది సార్ ఇది? ఆరు లక్షలకి, మూడు శాతం, మూడు నెలలకి నాలుగువేల ఐదొందలు రావాల్నా లేదా?"

"రావు" అన్నాను.

"నాలుగువేల నూట యాభై తొమ్మిదే వేశారు. మూడొందల నలభై ఒకటి ఏమయినట్టు? ఏవమ్మా టీచరమ్మా, ఏమయినట్టు?"

టీచరమ్మ కళ్లజోడు సవరించుకున్నారు. "బ్యాంకువాళ్లు తప్పు వేసుంటారు. నేను తొమ్మిదికల్లా వేసేశాను. ఆగస్టులో తొమ్మిది రెండో శనివారమని ఎనిమిదినే వేశాను. పుస్తకంలో ఉంది చూసుకో. సార్, మీరే చెప్పండి, ఎంత రావాలి?"

ఇక్కడ నేను చేసిన పనికి నాకు ఇప్పటికీ నవ్వూ రాదు, ఏడుపూ రాదు. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. "జులై, ఆగస్టు, సెప్టెంబరు కలిపి తొంభై రెండు రోజులండి. లెక్క నెలల్లో కాదు, రోజుల్లో కడతాం. ఆరు లక్షలూ కదలకుండా ఉంటే నాలుగువేల ఐదు వందల ముప్పై ఏడు రావాలి."

టీచరమ్మ ముఖం వెలిగింది. "చూశావా? ఇంకా ముప్పై ఏడు ఎక్కువే రావాలి. వేయండి సార్."

"కదలకుండా ఉంటే అన్నానండి."

"పదో తారీకు లోపు వేశానుగా!"

వరసలో ఉన్న నాలుగు వేలమంది, అంటే నలుగురు, నా వంక చూశారు. నేను కాగితం తీసుకున్నాను. ఎదురుగా ఉన్నది టీచరు కాబట్టి బడి భాషలోనే మొదలుపెట్టాను.

"హాజరు పట్టీ అనుకోండి. రోజూ పని ముగిశాక కంప్యూటరు ప్రతి ఖాతానూ పిలుస్తుంది: ఈ రాత్రికి నీ దగ్గర ఎంత ఉంది? ఆరు లక్షలుంటే ఆరు లక్షలు రాసుకుంటుంది. నాలుగుంటే నాలుగు. పగలంతా ఎక్కడ తిరిగినా దానికి పట్టదు, రోజు ముగిసేటప్పటికి ఉన్నదే లెక్క. ఇలా తొంభై రెండు రోజుల నిల్వలూ కూడి, మూడు శాతంతో గుణించి, మూడు వందల అరవై ఐదుతో భాగించి, త్రైమాసికం ఆఖరున ఒక్కసారే ఖాతాలో వేస్తుంది."

"ఇదివరకు?"

"ఇదివరకు పది నుంచి ఆఖరు దాకా మాత్రమే హాజరు తీసేవారు. మొదటి తొమ్మిది రోజులూ ఎవరు ఎగ్గొట్టినా అడిగేవారు కాదు. ఇప్పుడు రోజూ తీస్తారు."

ఆవిడ నా చేతిలోంచి పెన్ను లాక్కుని తనే వేశారు. జులైలో ఒకటి నుంచి ఎనిమిది దాకా, ఎనిమిది రోజులు. తొమ్మిదిన డబ్బు వెనక్కి వచ్చింది కాబట్టి ఆ రోజు నిండు హాజరే. ఆగస్టులో ఏడు. సెప్టెంబరులో ఎనిమిది. ఇరవై మూడు రోజులు రెండేసి లక్షలు తక్కువ. రెండు లక్షలకు రోజు వడ్డీ పదహారు రూపాయల నలభై నాలుగు పైసలు. ఇరవై మూడు రోజులకు మూడు వందల డెబ్బై ఎనిమిది. నాలుగువేల ఐదు వందల ముప్పై ఏడులోంచి అది తీసేస్తే సరిగ్గా పాసుపుస్తకంలో ఉన్న అంకె.

లెక్క కుదిరినందుకు బాధపడిన లెక్కల టీచరును నేను ఆ ఒక్కరోజే చూశాను.

"మూడొందల నలభై ఒకటి కాదన్నమాట. మూడొందల డెబ్బై ఎనిమిది" అన్నాడు సెక్రటరీ. ఆ ముప్పై ఏడు రూపాయలు అతని సొంత సంపాదన అయినట్టు అన్నాడు. "ఆదివారం సంఘంలో చెప్పాలి టీచరమ్మా. మాటిచ్చింది మీరే."

"చెబుతా" అన్నారు ఆవిడ. పెన్ను నాకు తిరిగివ్వడం మరిచిపోయారు. ఆవిడ ఒక వస్తువు మరిచిపోవడం కూడా అదే మొదలు.

ఆదివారం ఆరాధన అయ్యాక నన్ను పిలిపించారు. లెక్క వివరించడానికి బ్యాంకు మనిషి ఉంటే మంచిదని పాస్టరుగారి ఉద్దేశం. నాకు ముందు వరసలో ప్లాస్టిక్ కుర్చీ వేశారు. దాని నాలుగు కాళ్లలో రెండు మాత్రమే నన్ను నమ్మాయి. లోపల రెండు వందలమంది, రేకుల కింద వేడికి ఒక్కొక్కరూ ఇద్దరిలా ఉబ్బి, నాలుగు వందలమంది.

సెక్రటరీ లేచాడు. దేవుడి సొమ్ము అన్నాడు. మూడు వందల డెబ్బై ఎనిమిది అన్నాడు. ఆ అంకెను ఎన్నిసార్లు అన్నాడంటే, వెనక వరసలో నిద్రపోతున్న ఒక ముసలాయన అది పాట నంబరనుకుని పాటల పుస్తకం తెరిచాడు.

టీచరమ్మ లేచి రెండే మాటలు చెప్పారు. "లెక్క నిజమే. నేను పాత పద్ధతి పట్టుకుని కూర్చున్నాను. ఇచ్చిన మాట ప్రకారం పదవి వదిలేస్తున్నాను, చేబదులు కూడా ఆగిపోతుంది. మొన్నటి మూడు నెలలే కాదు, పద్ధతి మారిన రోజు నుంచి పోయిందంతా బ్యాంకు సారుతో లెక్క వేయించాను. ఈ త్రైమాసికం కాక, పదిహేడు వందల ముప్పై రెండు రూపాయలు. అదీ ఇదీ కలిపి నా పెన్షనులోంచి కడతాను."

 నలభై ఇళ్లవాళ్లు నేల చూశారు. నవంబరు ఒకటో తారీకు వాళ్ల ముందు నిలబడింది. ఆ తారీకున వెళ్లడానికి ఊళ్లో ఇంకొక్క గుమ్మమే ఉంది, అది ఎరువుల కొట్టు గుమ్మం. ఆ సంగతి సెక్రటరీకి తెలుసు, వాళ్లకు తెలుసు, నాకూ తెలుసు.

అప్పుడు ఆడవాళ్ల వైపు నుంచి ఒకామె లేచింది. మిల్లులో నూలు చుట్టే విభాగంలో చేస్తుంది. మిల్లు మోతలో మాట్లాడి మాట్లాడి ఆమె గొంతు రేకుల్ని ఒకసారి పైకి లేపి కింద పెట్టింది.

"అన్నయ్యగారూ, బ్యాంకు అన్నయ్యగారూ! ఆ మూడొందల డెబ్బై ఎనిమిదీ నలభై ఇళ్లకి పంచితే ఇంటికెంత?"

"తొమ్మిది రూపాయల నలభై ఐదు పైసలమ్మా."

"నెలకా?"

"మూడు నెలలకీ కలిపి."

ఆమె నన్నే చూసింది. నేను పెంచి చెబుతానని ఊళ్లో అందరికీ తెలుసు, అందుకని ఈసారి తగ్గించి చెబుతున్నానేమో అనుకుంది. "సరిగ్గా చెప్పు సారూ, పున్నెం ఉంటది."

"ఐదు వేలు ఎనిమిది రోజులు బయట ఉంటే పోయేది మూడు రూపాయల ఇరవై తొమ్మిది పైసలు. రూలు అదే, అంకె అదే."

ఆమె సెక్రటరీ వైపు తిరిగింది. "ఏం బ్రదరూ, నీకాడ ఐదు వేలు తీసుకుంటే నెలకి నూటయాభై. వారానికే తెచ్చిచ్చినా నెల వడ్డీ నెల వడ్డీయేనంటావు. ఆ లెక్క కూడా నిలబడి చెప్పు, వింటాం."

"నాది యాపారం. ఇది దేవుడి సొమ్ము" అన్నాడు సెక్రటరీ.

"దేవుడే నయం గదయ్యా, మూడు రూపాయలకి ఇస్తన్నాడు!"

చర్చి నవ్వింది. పాస్టరుగారు నవ్వకుండా ఉండటానికి బైబిలు తెరిచి, తలకిందులుగా ఉందని గమనించి, మూసేశారు. ఆమె కొంగుముడి విప్పి పది రూపాయల నోటు తీసి కానుకల పళ్లెంలో వేసింది. తర్వాత జరిగింది నేను పెంచి చెప్పాలన్నా కుదరదు. నలభై ఇళ్లవాళ్లూ వరసగా వచ్చారు, పదేసి వేశారు. నాలుగు వందలయింది. ఇరవై రెండు రూపాయలు ఎక్కువొచ్చాయి. ఆ ఇరవై రెండు ఏం చేయాలన్న చర్చ అసలు చర్చ కంటే ఎక్కువసేపు నడిచింది.

సెక్రటరీ చివరి ప్రయత్నం చేశాడు. "డబ్బు కట్టారు సరే. మాట తప్పిందా లేదా? అసలు పదో తారీకు లోపు వేస్తే చాలని ఈమెకి చెప్పిందెవరు?"

"బ్యాంకులో చెప్పారు" అన్నారు టీచరమ్మ.

"బ్యాంకులో ఎవరు?"

టీచరమ్మ నా వైపు చూశారు. తొందరేమీ లేకుండా, పెన్ను మూతను చూసినట్టు చూశారు. నేను లేచాను. కుర్చీ కూడా నాతోపాటు కొంచెం లేచింది. "మా దగ్గర అప్పట్లో ఒక గుమాస్తా ఉండేవాడండి. పొడుగ్గా ఉండేవాడు. పొన్నూరు బదిలీ అయిపోయాడు" అన్నాను.

"అవును. పొన్నూరు" అన్నారు టీచరమ్మ.

"బ్యాంకోళ్లు చెప్పింది ఆమె చేసింది. లెక్క మారినప్పుడు వాళ్లు చెప్పకపోతే ఆమెకెట్టా తెలుస్తది? తప్పు ఆ పొన్నూరాయనది" అని తేల్చింది మిల్లు ఆమె. పాస్టరుగారు చేతులెత్తమన్నారు. టీచరమ్మే కోశాధికారిగా ఉండాలని రెండు వందల చేతులు లేచాయి, కొందరు రెండేసి ఎత్తారు. సెక్రటరీ చెయ్యి చెవి దాకా వచ్చి, అక్కడ తల గోక్కుంది.

చేబదులు నిలబడింది. ఇకనుంచి ఇంటికి మూడు నెలలకు పది రూపాయలు. తొమ్మిది దాకా ఆగడం కూడా రద్దయింది. రోజుకు పదహారు రూపాయల నలభై నాలుగు పైసలని తెలిశాక టీచరమ్మ ఏడో తారీకు మధ్యాహ్నమే సంచి పట్టుకుని మిల్లు గేటు దగ్గర నిలబడటం మొదలుపెట్టారు. మా కౌంటరు మూసేలోపు వేస్తే ఆ రోజు హాజరు దక్కుతుందని, ఆటోవాడు ఆవిడను దించేసరికి ఆటో చక్రాల నుంచి పొగలు వచ్చేవి.

పాత బాకీ మాత్రం ఆవిడ వదల్లేదు. సంఘం వద్దన్నా వినలేదు. సోమవారం పొద్దున్నే వచ్చి పదిహేడు వందల ముప్పై రెండు రూపాయలు నా ముందు పెట్టారు. నేను లెక్కపెట్టి, ముద్ర వేసి, రసీదు ఇచ్చాను.

రసీదు మడిచి సంచిలో పెట్టుకుంటూ, "పొన్నూరు ఆయన బాగున్నారా?" అని అడిగారు.

"బాగానే ఉన్నాడండి."

"కనపడితే చెప్పండి, నేనేమీ అనుకోలేదని."

ఫ్యానూ, తుమ్మిన యంత్రమూ, పదకొండుసార్లు అమ్ముడైన గుమ్మడికాయా మీరు ఈపాటికి తగ్గించుకునే ఉంటారు. అవి పెంచినవి, కల్పించినవి కాదు. నేను పూర్తిగా కల్పించింది ఒక్కటే. పొన్నూరు బదిలీ అయిన గుమాస్తా ఎవరూ లేడు. పదో తారీకు లోపు వేస్తే చాలని ఆవిడకు చెప్పింది నేను. లెక్క మారిందని కాగితం వచ్చినప్పుడు దాన్ని నోటీసు బోర్డుకు అంటించింది కూడా నేనే. ఆ వేళ టీచరమ్మ వరసలో మూడో మనిషి. చెబుదామనుకున్నాను. జనం ఎక్కువగా ఉన్నారని ఊరుకున్నాను. ఎంతమంది అంటే, నిజంగా ఐదుగురు.